నాలుగు సెంటీమీటర్ల మీద రెండు గీతలు

బుల్లబ్బాయి తాత ఇంట్లో దేవుడి పటాల పక్కన ఒక మేకు ఉండేది. ఆ మేకుకి అడుగు పొడవు చెక్క స్కేలు వేలాడుతూ ఉండేది. దేవుళ్ళకి పండగలకే దండలు వేసేవాడు గానీ, స్కేలుకి మాత్రం రోజూ తుండుగుడ్డతో ఒళ్ళు తుడిచేవాడు. "ఆ కర్రముక్కకి చేసిన సేవలో సగం నాకు చేసుంటే ఈపాటికి నా మోకాళ్ళు బాగుపడేవి" అని మామ్మ భవానీదేవి అనేది. తాత బుల్లబ్బాయి వినిపించుకునేవాడు కాదు. అరవై దాటాక ఆయన చెవులు ఆయనకి కావలసిన మాటలనే లోపలికి రానిచ్చేవి.

అల్లవరం దాటాక కాలవ గట్టునే పోతే, కొబ్బరితోటలు పలచబడి రొయ్యల చెరువులు మొదలయ్యే చోట ఉంది వాళ్ళ ఊరు. వయసులో ఉండగా తాత కొన్నాళ్ళు భూములు కొలిచే సర్వేయరు వెనకాల గొలుసు లాగాడు. లాగింది గొలుసే అయినా, చెప్పేటప్పుడు మాత్రం "నేను సర్వేలో ఉండగా" అని మొదలుపెట్టేవాడు. ఆ సర్వేయరు ఎండలో అలిసిపోయి గొడుగు కింద కూర్చున్నప్పుడు పటం మీద స్కేలు పెట్టి దూరం తీయడం ఆయనకి నేర్పాడు. అంతవరకూ నిజమే. ఆ ఒక్క విద్యతో తాత నలభై ఏళ్ళు ఊరిని ఏలాడు.

ఆ విద్య చూపించే తీరు కూడా చూడముచ్చటగా ఉండేది. ఎవరైనా పటం తెస్తే ముందు వాళ్ళని అరుగు కింద నిలబెట్టేవాడు. తర్వాత స్కేలు ఎత్తి చూపించేవాడు. "చూసేవా? దీని అంచు అరిగిపోయింది. సున్నా లేదు. అందుకని ఒకటి దగ్గర మొదలెట్టి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. ఈ ముక్క తెలియకే వెధవలు కొంపలు ముంచుకుంటారు." ఆ తర్వాత పటం కింద రాసిన అంకె చదివేవాడు. "ఒకటికి ఐదువేలు. అంటే పటం మీద ఒక సెంటీమీటరు, నేల మీద ఐదువేల సెంటీమీటర్లు. యాభై మీటర్లు. అర్థమైందా? కాలేదు. నీకెలా అవుతుంది? మీ నాన్నకే కాలేదు."

ఇంత తిట్టించుకుని కూడా జనం వచ్చేవారు. కొలత సరిగ్గానే వచ్చేది మరి.

ఆయనకి ఒకే ఒక్క లోపం ఉండేది. అది ముక్కు మీద కూర్చోవలసిన లోపం. కళ్ళ క్యాంపులో ఇచ్చిన సోడాబుడ్డి కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి టీకొట్టు దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడ ఎవడో "గుడ్లగూబ సర్వేయరుగారొచ్చేరు" అన్నాడు. అందరూ నవ్వారు. అంతే, ఆనాటి నుంచి ఆ జోడు ఇల్లు దాటలేదు. సన్నక్షరాలు ఎదురైతే తాత పటాన్ని ఒకసారి దూరంగా, ఒకసారి దగ్గరగా పెట్టి, వెలుతురు బాగాలేదని సూర్యుణ్ణి తిట్టేవాడు.

*

ఆ ఏడు సార్వా వరినాట్లు పడ్డాక అంజిబాబు ఊళ్ళో చెరువు తవ్వడానికి భూమి కౌలుకి తీసుకున్నాడు. అంజిబాబుకి అప్పటికే మూడు ఊళ్ళలో రొయ్యల చెరువులున్నాయి. మెత్తగా మాట్లాడతాడు, ఎవరినైనా వరస పెట్టే పిలుస్తాడు. ఊళ్ళో పెద్దలు అంతకుముందే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మంచినీళ్ళ నూతికి రెండొందల మీటర్ల లోపల ఎవరూ రొయ్యల చెరువు తవ్వకూడదు. చెరువులోకి తోడిన ఉప్పునీరు నేలలోంచి ఊరి నుయ్యిని చేరుతుందని వాళ్ళ భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, పక్క ఊళ్ళో కళ్ళారా చూశారు.

అంజిబాబు తీసుకున్న భూమికి దగ్గరలో ఉన్నది సత్యవేణి నుయ్యి. సత్యవేణి అంటే తాతకి, చనిపోయిన తమ్ముడి భార్య. ఆ నుయ్యి ఆ తమ్ముడే తవ్వాడు. సముద్రం అంత దగ్గరలో ఉన్నా ఆ నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి. ఆ వీధంతా వాటితోనే వండుకునేది. సత్యవేణికి ఉన్నవి పెరట్లో కాసిని కొబ్బరిచెట్లు, ఒక కూతురు, వీరబాబు అనే అల్లుడు, ఆ నుయ్యి. వీటిలో ఆవిడ అందరికీ గొప్పగా చూపించేది నుయ్యినే.

నూతికీ చెరువు భూమికీ మధ్య నాట్లు పడిన పొలాలు, నిండా నీళ్ళు. టేపు పట్టుకుని దిగితే నారు తొక్కినట్టే. హద్దురాళ్ళు బురదలో ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. సచివాలయంలో సర్వేయరుకి బదిలీ అయింది, కొత్తాయన రాలేదు. ఎవడో ఫోనులో పటం తీసి చూపించబోతే, "అందులో గట్టు కనపడుతుందిరా, హద్దు కనపడదు" అని పెద్ద మనిషి అప్పలస్వామి కొట్టిపారేశాడు. చివరికి అందరూ ఒప్పుకున్న మాట ఒకటే. గ్రామ పటంలో నూతి గుర్తు ఉంది, ఆ భూమి హద్దూ ఉంది. బుల్లబ్బాయిగారు కొలిచి చెబితే దానికి కట్టుబడాలి.

సత్యవేణి ఆ సాయంత్రమే బావగారింటికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"బావగారూ, మీరే కొలుస్తారంట కదండీ. నాకిక భయం లేదు."

"నేనేం నీ వైపు కొలవను. ఉన్నదున్నట్టు కొలుస్తాను" అన్నాడు తాత.

"ఆయ్. ఉన్నదున్నట్టే కొలవండి. నాకదే చాలు."

అంజిబాబు మనిషి తెచ్చిన పటం కాగితం చిన్నది. తాత చేయి చాచి పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ చాచాడు. నూతి గుర్తు ఆయనకి ఈగ వాలినట్టుంది. మామ్మ లోపలి నుంచి "కళ్ళజోడు తెమ్మంటారా?" అని ఊరందరికీ వినపడేలా అరిచింది. తాత ముఖం కందగడ్డయింది.

"ఇదేం పటంరా? చీమల బారులా ఉంది. దీన్ని అమలాపురం తీసుకెళ్ళి పెద్దది తీయించుకురా. జిరాక్సువాడికి చెబితే తీస్తాడు."

ఆ మనిషి వెళ్ళి, చిన్న కాగితాన్ని పెద్ద కాగితం మీదకి సాగదీయించుకుని వచ్చాడు. ఇప్పుడు నుయ్యి శనగగింజంత ఉంది. తాతకి ప్రాణం లేచొచ్చింది.

*

మర్నాడు అప్పలస్వామి ఇంటి అరుగు మీద కొలత. అంజిబాబు వచ్చాడు, సత్యవేణి వచ్చింది, పనిలేనివాళ్ళందరూ వచ్చారు. తాత కళ్ళజోడు లేకుండా, ఇస్త్రీ చొక్కాతో, స్కేలు భుజం మీద గదలా పెట్టుకుని వచ్చాడు.

పటం పరిచారు. తాత నూతి గుర్తు నడిమధ్య మీద ఒకటో అంకె పెట్టాడు. స్కేలుని చెరువు భూమి దగ్గరి హద్దు దాకా తిప్పి చూశాడు.

"ఐదు మీద రెండు గీతలు" అన్నాడు. "ఒకటి తీసెయ్యి. నాలుగు మీద రెండు గీతలు. కింద ఏం రాసుంది? చదవరా ఎవడైనా."

"ఒకటికి ఐదువేలు" అని ఎవరో చదివారు.

"సెంటీమీటరుకి యాభై మీటర్లు. నాలుగు యాభైలు రెండొందలు. రెండు గీతలకి పది. రెండొందల పది మీటర్లు!"

అంజిబాబు రెండు చేతులూ జోడించాడు. సత్యవేణి పటం మీదకి వంగి చూసింది.

అప్పలస్వామికి ఊరికే ఉండే అలవాటు లేదు. పటం అడుగున నలుపూ తెలుపూ గడులతో ఒక పట్టీ గీసి ఉంది. సున్నా, వంద, రెండొందలు అని దాని మీద అంకెలున్నాయి. "ఇదేంటండీ బుల్లబ్బాయిగారూ, జెర్రిలాగా?" అని అడిగాడు.

"అదా? లెక్క రానోళ్ళ కోసం గీసిన బొమ్మ. చిన్నపిల్లలు పుల్ల పెట్టి కొలుచుకుంటారు. మనకెందుకది?"

సత్యవేణి ఒక అడుగు ముందుకి వచ్చింది. "బావగారూ, మరొక్కసారి చూడండి. మా ఆయన ఆ హద్దు పక్క పొలంలో ఉండి కేకేస్తే నూతి దగ్గర నాకు వినపడేదండి. అంత దూరం ఉండదు."

తాత స్కేలు ఎత్తి ఆవిడ వైపు చూపించాడు. "కేకలతో కొలుస్తావా నువ్వు? మా తమ్ముడి గొంతు పెద్దది, దానికి పటం ఏం చేస్తుంది? పోయి పప్పు చూసుకో, మాడిపోద్ది."

అరుగంతా నవ్వింది. అంజిబాబు కూడా నవ్వాడు, కానీ తల దించుకుని నవ్వాడు. సత్యవేణి పమిట చెంగు భుజం చుట్టూ లాక్కుని వెళ్ళిపోయింది. తాతకి ఆ నవ్వులు చాలా రుచిగా ఉన్నాయి. ఇంటికి వచ్చేదాకా ఆ రుచి నాలుక మీదే ఉంది.

*

ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఆయన వెంట తెచ్చుకున్న పటాన్ని మళ్ళీ మంచం మీద పరుచుకున్నాడు. కొలవడానికి కాదు, చూసుకుని మురవడానికి. ఇంట్లోనే కదా అని కళ్ళజోడు పెట్టుకున్నాడు. పటం అడుగున ఉన్న ఆ జెర్రి ఇప్పుడు స్పష్టంగా కనపడింది. ముచ్చట పడి దాని మీద కూడా స్కేలు పెట్టాడు.

సున్నా నుంచి వంద దాకా ఉన్న గడి రెండు సెంటీమీటర్లు ఉండాలి. యాభై మీటర్లకి ఒకటైతే వందకి రెండే కదా. ఒకటి దగ్గర పెట్టాడు. మూడు దగ్గర ఆగలేదు. మూడు దాటి ఎనిమిది గీతలు పోయింది. రెండు మీద ఎనిమిది.

తాత స్కేలు తుడిచాడు. కళ్ళజోడు తుడిచాడు. మళ్ళీ పెట్టాడు. రెండు మీద ఎనిమిదే.

ఆ తర్వాత ఆయనకి అర్థమైంది. జిరాక్సులో పటం పెరిగింది. నుయ్యి పెరిగింది, హద్దు జరిగింది, పొలాలు సాగాయి, జెర్రి కూడా సాగింది. మారనిది కింద రాసిన అంకె ఒక్కటే. ఒకటికి ఐదువేలు అని రాసిన మాట ఆ చిన్న కాగితానికి నిజం, ఈ పెద్ద కాగితానికి అబద్ధం. దీనికి ఆ జెర్రి ఒక్కటే నిజం చెబుతోంది. దీని మీద వంద మీటర్లంటే రెండు మీద ఎనిమిది. అలాంటప్పుడు నాలుగు మీద రెండు గీతలంటే గడిన్నర. నూట యాభై మీటర్లు. రెండొందల పది కాదు.

"ఏంటలా గుడ్లప్పగించేరు?" అంది మామ్మ, గుమ్మంలో పువ్వులు కట్టుకుంటూ.

"పటం పెద్దదైంది."

"మీరేగా పెద్దది తెమ్మన్నారు."

"కొలత తప్పింది. నూతికి నూట యాభయ్యే ఉంది."

మామ్మ చేతిలో దారం ఆగింది. "అయితే పొద్దున్నే వెళ్ళి చెప్పండి. యంత్రం రాకముందే."

"చెబుతాను" అన్నాడు తాత. నిజంగానే చెప్పాలనుకున్నాడు. ఆ మాట ఆయన పక్షాన ఒప్పుకోవాలి.

*

పొద్దున్నే వెళ్ళాడు కూడా. చెరువు భూమి గట్టు మీద పసుపు రంగు పొక్లెయిను నిలబడి ఉంది. దాని కొమ్ముకి అంజిబాబు బంతిపూల దండ వేయించాడు. ఊరి పెద్దలందరూ ఉన్నారు. తాతని చూడగానే అంజిబాబు ఎదురొచ్చి చేయి పట్టుకున్నాడు.

"రండి బాబాయ్ గారూ, మీ కోసమే ఆగేం. మా సర్వేయరు గారి చేత్తో కొబ్బరికాయ కొట్టిస్తే ఈ చెరువు చల్లగా ఉంటుంది."

సర్వేయరు గారు. ఎటకారం లేకుండా, నలుగురిలో, పొద్దున్నే. నలభై ఏళ్ళుగా ఆ మాట కోసం తాత గొలుసు లాగుతూనే ఉన్నాడు. ఎవరో కొబ్బరికాయ చేతిలో పెట్టారు. చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడు టీకొట్టు దగ్గర గుడ్లగూబ అన్నవాడు జనంలో కనపడ్డాడు. వాడు కూడా ఈవేళ మర్యాదగా నిలబడి ఉన్నాడు.

తాత నోరు మూసుకుని కాయ కొట్టాడు. ఒక్క దెబ్బకే సరిగ్గా రెండు చిప్పలయింది. అందరూ "బాగుంది, బాగుంది" అన్నారు.

ఇంటికి వచ్చాక మామ్మ "చెప్పేరా?" అని అడిగింది.

"రేపు చెబుతా."

పటాన్ని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాడు. రేపు చాలాసార్లు వచ్చింది. చెరువు తవ్వారు, నింపారు, నీళ్ళు చిలికే ఏరేటర్లు తిరగడం మొదలైంది. రోజూ సాయంత్రం ఆ చప్పుడు ఊరిదాకా వచ్చేది. తాత చెవులు ఆ చప్పుడుని మాత్రం ఆపలేకపోయాయి.

*

కోతలయ్యాక పొలాలు ఎండాయి. అప్పటికి సత్యవేణి ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది. బియ్యం కడిగితే నీళ్ళు జిగటగా ఉండేవి. ఉప్పెక్కిన నూతి నీళ్ళు నోట్లో పోసుకున్నవాళ్ళు ముఖాలు చిట్లించుకుని, ఆవిడ బాధపడుతుందని మింగేసేవారు. తర్వాత్తర్వాత మింగడం మానేశారు. ముందు ఎదురింటివాళ్ళు రావడం మానుకున్నారు, ఆ తర్వాత వీధంతా. గిలక మీద చేంతాడు ఎండి బిరుసెక్కింది.

వీరబాబు ఎక్కడి నుంచో పెద్ద టేపు తెచ్చాడు. ఎండిన మళ్ళలోంచి సూటిగా, అప్పలస్వామిని సాక్షిగా పెట్టుకుని కొలిచాడు. నూట నలభై తొమ్మిది మీటర్లు.

అత్తగారూ అల్లుడూ తాత అరుగు దగ్గరికి వచ్చారు. వెనకాల సగం ఊరు వచ్చింది. కొలిచిన రోజు నవ్వినవాళ్ళు ఇప్పుడు ఇంకో రకంగా నవ్వడానికి వచ్చారు.

"నా తప్పేముంది?" అన్నాడు తాత. "జిరాక్సువాడు సాగదీసేడు. సాగిందని నాకెలా తెలుస్తుంది?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మామ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, సత్యవేణి ముఖం చూసింది. అంతకాలం కడుపులో పెట్టుకున్నది ఇక ఆగలేదు.

"కొలిచిన సాయంత్రమే తెలిసిందే సత్యవేణీ. కళ్ళజోడు పెట్టుకుని చూసి నాతోనే అన్నారు. యంత్రం రాకముందే."

సత్యవేణి తాత వైపు చూసి, "అవునా బావగారూ?" అని మామూలుగానే అడిగింది. తాత స్కేలు వైపు చూశాడు. అది మేకుకి అలాగే వేలాడుతోంది.

ఆ మధ్యాహ్నం ఆయన తనంతట తానే అంజిబాబు దగ్గరికి వెళ్ళి, తప్పు కొలిచానని ఒప్పుకుని, చెరువు ఎండగట్టమన్నాడు. అంజిబాబు ఆయనకి కుర్చీ వేయించాడు. కూల్‌డ్రింకు తెప్పించాడు.

"బాబాయ్ గారూ, చెరువుని ఇప్పుడు జిరాక్సు తీసి చిన్నది చెయ్యమంటారా? కాయ కొట్టింది మీరే కదండీ."

పక్కనున్న కుర్రాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఊరి పెద్దలు మాత్రం, రొయ్యల పంట తీశాక ఆలోచిద్దామన్నారు. పంట తీశాక ఇంకో పంట వేశారు.

తర్వాత తాతకి ఊళ్ళో నడవడం కష్టమైంది. టీకొట్టు దగ్గర ఒకడు "బాబాయ్, ఇక్కడి నుంచి మీ ఇంటికెంత?" అని అడిగేవాడు. ఇంకొకడు "కళ్ళజోడు లేకుండానా, కళ్ళజోడుతోనా?" అనేవాడు. ఒకసారి ఎవరో ఆయన గేటుకి అగ్గిపెట్టె అంత పటం గీసి అంటించారు. కింద ఒకటికి ఒక కోటి అని రాశారు. పటాలు తెచ్చేవాళ్ళు రావడం మానేశారు. ఆయన స్కేలు తుడవడమూ మానేశాడు.

వచ్చేది సత్యవేణి ఒక్కతే. రోజూ సాయంత్రం ఆవిడ ఒక గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టేది. తన నూతిలో తోడిన నీళ్ళు.

"తాగండి బావగారూ. మీ తమ్ముడు తవ్విన నుయ్యి."

మొదటి రోజు ఆయన పక్కకి జరిపాడు. ఆవిడ కదలలేదు. మామ్మ అటే తిరగలేదు. తాత తాగాడు. ఆ తర్వాత ప్రతిరోజూ తాగాడు. ఆవిడ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి, తీసుకుని వెళ్ళేది. ఏనాడూ ఒక్క మాట తూలలేదు. తిట్టి ఉంటే తాతకి సులువుగా ఉండేది. తిట్లకి తిట్లు ఆయన దగ్గర బోలెడున్నాయి.

ఒక సాయంత్రం గ్లాసుతోపాటు మాట కూడా తెచ్చింది.

"పుంత చివర కుళాయి దగ్గరి నుంచి బిందెలు మోస్తన్నానండి. ఎంత దూరముంటదో కొలిచి చెబుతారా? పటం మీ దగ్గరే ఉందంట కదా."

తాత ఆవిడ ముఖంలో ఎటకారం వెతికాడు. దొరకలేదు. లేచి, బియ్యం డబ్బా కింద నుంచి పటం తీశాడు. మేకు మీద నుంచి స్కేలు తీయబోయి, వద్దనుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. వీధిలోంచి అందరూ చూస్తున్నారు, అయినా పెట్టుకున్నాడు. మామ్మ పూల దారం అడిగి తీసుకున్నాడు. పుంత బాట సూటిగా పోదు, రెండు చోట్ల వంకర తిరుగుతుంది. దారాన్ని సత్యవేణి ఇంటి దగ్గర వేలితో నొక్కి పట్టుకుని, పుంత తిరిగినచోటల్లా తిప్పుతూ కుళాయి దాకా తీసుకెళ్ళాడు. అక్కడ గోరుతో నొక్కి, దారాన్ని సాపు చేసి, అడుగున జెర్రి మీద పెట్టాడు. లెక్క రానోళ్ళ బొమ్మ మీద. వంద, రెండొందలు, మళ్ళీ మొదటికి తెచ్చి వంద, రెండొందలు, మళ్ళీ ఇంకోసారి.

"ఆరొందల మీటర్లు" అన్నాడు.

"రానూ పోనూ?"

"పన్నెండొందలు."

"ఈ కొలత సరైందేనా అండీ?"

"సరైందే."

"నాకు తెలుసులెండి. నడిచేదాన్ని కదా" అంది సత్యవేణి. "మీకు తెలియాలని అడిగేను."

గ్లాసు ఆయన ముందుకి జరిపింది. తాత కళ్ళజోడు తీయకుండానే ఎత్తి, గుక్క తిప్పుకోకుండా అడుగుదాకా తాగి, ఖాళీ గ్లాసు ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని పమిట చెంగుతో తుడుచుకుంటూ, బిందె కోసం ఇంటివైపు నడిచింది.